ఫొటోలో చీర ముందువైపు మాత్రమే ఉంది

క్రితం బతుకమ్మ వేడుకల రోజున సభామందిరం వరండాలో పెట్టిన అంగళ్లలో ఒక మిత్రురాలు ఎర్రటి పోచంపల్లి ఇక్కత్ పట్టుచీర కొన్నారు. వెల 240 డాలర్లు. రాత్రి ఇంటికి వెళ్లి, వంటగది దీపం కింద చీర పరిచి, కొంగు కనిపించేలా ఫోన్‌తో ఒక ఫొటో తీసి, తనకు అక్కలాంటి మరో మిత్రురాలికి పంపారు. అవతలి నుంచి వచ్చిన జవాబు రెండే ముక్కలు: "ఇది ప్రింటమ్మా." అక్కడ మొదలైన వాదన దసరా దాటి దీపావళి దాకా సాగింది. మా మేనమామ ఇంట్లో మగ్గం ఉండేదన్న ఒక్క అర్హతతో తీర్పరిగా నన్ను పిలిచారు కనుక ఈ కథ నాకు తెలుసు. ఇద్దరి పేర్లూ మార్చి, కొన్నావిడను పద్మ అనీ, కాదన్నావిడను శారద అనీ పిలుస్తాను.

శారదగారి వాదానికి ఆధారం ఆ ఫొటోయే. కొంగులోని పువ్వుల అంచులు కత్తితో కోసినట్టు తీరుగా ఉన్నాయనీ, నిజమైన ఇక్కత్‌లో రంగు అంచు కొద్దిగా చెదిరి, తడి కాగితం మీద సిరా పాకినట్టు కనిపించాలనీ ఆవిడ అన్నారు. సూత్రం సరైనదే. ఇక్కత్‌లో రంగు బట్టకు పడదు, నేయకముందే పోగుకు పడుతుంది. గీతల కాగితం మీద వేసుకున్న నమూనా ప్రకారం పోగుల కట్టకు గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఆరాక కట్లు విప్పి, మరో చోట కట్టి, మరో రంగులో ముంచుతారు. పేక పోగును, అంటే బట్టలో అడ్డంగా నడిచే పోగును, ఈ పనికి సిద్ధం చేయడానికి ముందు ఆసు పోయాలి, అంటే మేకుల చట్రం మీద ఒకే పోగును అటూ ఇటూ తిప్పుతూ చుట్టాలి. ఒక్క చీరకు చేయి వేలసార్లు ఆడించవలసిన ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల భుజాల మీదే పడేది. తల్లి పడే ఆ బాధ చూడలేకనే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశంగారు ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంత జాగ్రత్త పడ్డా మగ్గం మీదికి వచ్చేసరికి పోగులు వెంట్రుకవాసి జారుతాయి. అంచు చెదిరినట్టు కనిపించడానికి కారణం ఆ జారుడే.

అయితే శారదగారు చూసినది చీర అంచును కాదు, ఫోన్ గీసిన అంచును. ఈనాటి ఫోన్లు తక్కువ వెలుతురులో తీసిన బొమ్మలోని మసకను తామే తుడిచేసి, రెండు రంగులు కలిసే చోట గీతను పదును చేస్తాయి. ఆపైన సందేశాల యాప్ బొమ్మను కుదించి పంపుతుంది. ఈ రెండు వడపోతలూ దాటాక అసలైన ఇక్కత్ కూడా ప్రింటులా కనబడగలదు. దానికి వ్యతిరేకమైన మోసమూ ఉంది. ప్రింటు వేసేవాళ్లు ఇక్కత్ బట్టనే నకలు తీస్తారు కాబట్టి ఆ చెదిరిన అంచును కూడా అచ్చుగుద్దేస్తారు. అంచు చెదిరిందా లేదా అన్నది ఒక్కటే చూసి తీర్పు చెప్పడం రెండు వైపులా తప్పుతుంది.

అందుకని నేను ఆ ఫొటోను పక్కన పెట్టి మళ్లీ తీయమన్నాను. పగటిపూట, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయాలి. బట్టకు మరీ దగ్గరగా పోతే ఫోన్ నీడ పడుతుంది, సగం మసకవుతుంది కనుక ఒక జానెడు దూరంలో ఉంచి రెండింతలు పెద్దది చేసుకోవాలి. సన్నని నేత మీద ఒక్కోసారి లేని చారలు అలలలా కనిపిస్తాయి. అవి నేత గళ్లకూ ఫోన్ లోపలి గళ్లకూ పొత్తు కుదరక పుట్టినవే తప్ప చీరవి కావు, ఫోన్ కాస్త వాల్చి పట్టుకుంటే పోతాయి. తీసిన బొమ్మను ఫొటోగా కాకుండా ఫైలుగా పంపాలి. అన్నిటికంటే ముఖ్యం, చీర మూల మడిచి ముందువైపూ వెనకవైపూ ఒకే చట్రంలో పడేలా తీయాలి.

పద్మగారు మరునాడే తీసి పంపారు. రెండు వైపులా రంగు ఒకే చిక్కదనంతో ఉంది. పద్మగారు గెలిచానన్నారు. శారదగారు ఒప్పుకోలేదు, పలచని పట్టు మీద ప్రింటు రంగు వెనక్కి దిగుతుందన్నారు. ఆ మాటా నిజమే. వెనకవైపు వెలవెలబోతే ప్రింటని అనుమానించవచ్చు గాని, వెలవెలబోకపోతే ఇక్కత్ అని తేల్చలేము.

అప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు పువ్వులను పోల్చి చూశాం. ప్రింటులో చెదురు కూడా నమూనాలో భాగం కనుక అది ప్రతి పువ్వుకూ అచ్చం ఒకేలా తిరిగి వస్తుంది. ఇక్కత్‌లో ఒకే కట్టలో రంగు వేసిన పోగుల మధ్య పోలిక ఉన్నా, నేతలో జరిగిన జారుడు ఏ పువ్వుది ఆ పువ్వుకే. పద్మగారి చీరలో ఒక పువ్వు ఎడమ రేకు కాస్త కిందికి జారింది, పక్క పువ్వుది జారలేదు. నాకు ఇంకా నచ్చిన ఆనవాలు తెలుపు. పేకకు మాత్రమే కట్లు కట్టి, పడుగును, అంటే నిలువు పోగులను, ఒకే ఎరుపులో ఉంచి నేసినప్పుడు, తెల్లని రేకులో కూడా ఎర్ర పడుగు పోగులు అడ్డుపడుతూనే ఉంటాయి. అందువల్ల అక్కడ మల్లెపువ్వు తెలుపు రాదు, లేత గులాబీ ఛాయ తేలుతుంది. పడుగుకూ పేకకూ రెండింటికీ కట్లు కట్టి, తెలుపు మీద తెలుపు వచ్చి కూర్చునేలా నేసినప్పుడే స్వచ్ఛమైన తెలుపు పుడుతుంది. పుట్టపాక తేలియా రుమాళ్ల నేత అలాంటిదే. ప్రింటు వేసేవాడికి ఈ బాధ లేదు, అతని తెలుపు అవసరానికి మించి తెల్లగా ఉంటుంది. పద్మగారి చీర రేకులు గులాబీ ఛాయలోనే ఉన్నాయి. మొదటి ఫొటోలో వంటగది దీపపు పసుపు ఆ ఛాయను పూర్తిగా మింగేసింది.

చివరిమాట మాత్రం పోగుదే. రవికె గుడ్డ తెగిన చివర నుంచి ఒక పేక పోగు సూదితో లాగి, తెల్లకాగితం మీద పరిచి ఫొటో తీయమన్నాను. ప్రింటు అయితే నేతలో పోగు పైకి తేలిన చోట రంగు, పడుగు కింద దాగిన చోట తెల్లని మచ్చలు, ఇలా చుక్కచుక్కలుగా కనిపిస్తుంది. పద్మగారి పోగు కొంతమేర ఎర్రగా, ఆపైన కొంతమేర తెల్లగా, మళ్లీ నల్లగా, ఎటు తిప్పినా అదే రంగుతో ఉంది. రంగు నేతకు ముందే పడిందని దానితో తేలిపోయింది. శారదగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "సరే, ఇక్కతే. కానీ చేనేతేనా? పట్టేనా? పోచంపల్లిదేనా?" అని అడిగారు.

ఆ ప్రశ్న ఓటమిని ఒప్పుకోలేక అడిగినదని పద్మగారికి అనిపించింది. నాకు మాత్రం ఈ వ్యవహారమంతటిలో అదే తెలివైన మాటగా తోచింది. "అసలుదా, నకిలీదా" అని మనం ఒక్క మాటలో అడిగేస్తాం గాని, ఆ మాటలో నాలుగు వేరు వేరు ప్రశ్నలు ఇరుక్కుని ఉన్నాయి. ఇక్కతా కాదా అన్నదాన్ని మంచి ఫొటో దాదాపు తేల్చగలదు. చేనేతా కాదా అన్నది సగమే. అంచు వెంబడి వరసగా ఉండే సన్నని సూది రంధ్రాలను చాలామంది చేనేత గుర్తుగా చెబుతారు. బట్ట వెడల్పు ముడుచుకుపోకుండా పట్టి ఉంచే సాధనం ఆ గుర్తులు వేస్తుంది. కాని అలాంటి సాధనం మరమగ్గానికీ ఉంటుంది కనుక ఆ రంధ్రాలు సాక్ష్యానికి చాలవు. అంతకంటే బలమైనది పేక ఇక్కత్ నేసే పద్ధతి. నాడె విసిరిన ప్రతిసారీ నేతగాడు పోగును కొంచెం అటో ఇటో జరిపి పువ్వుకు పువ్వు కలపాలి, మిగిలిన పోగు అంచు దగ్గర చిన్న ఉచ్చులా నిలుస్తుంది. పద్మగారి చీర అంచున అలాంటి ఉచ్చులు అక్కడక్కడా కనిపించాయి. అందుకని చేనేతే అయి ఉంటుందన్నాను, ఒట్టు మాత్రం వేయలేదు. పడుగుకు మాత్రమే కట్లు కట్టిన చీర అయితే ఆపాటి మాట కూడా అనేవాణ్ణి కాదు, దాన్ని మరమగ్గం సులువుగా నేస్తుంది.

పట్టా కాదా అన్నది ఏ ఫొటో చెప్పదు. ఆ లాగిన పోగునే నిప్పుకు చూపించాం. జుట్టు కాలిన వాసన వచ్చింది, మిగిలిన మసి వేళ్ల మధ్య పొడి అయింది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగిలేది. అది చూశాక పద్మగారు, "ఇంకేం కావాలి శారదక్కా?" అన్నారు. ఇంకా ఊరు మిగిలింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుంది. ఇక్కత్ ఒడిశాలోనూ నేస్తారు, గుజరాత్ పాటన్‌లోనూ నేస్తారు. పోగు లాగినా, కాల్చినా ఊరి పేరు బయటికి రాదు. అది అమ్మినవాళ్లు రాసి ఇవ్వవలసిన విషయం. చీటీలు కూడా ఒక్కొక్కటీ ఒక్క సంగతే చెబుతాయి. సెంట్రల్ సిల్క్ బోర్డు ఆధ్వర్యంలోని సిల్క్ మార్క్ పట్టు అని మాత్రమే అంటుంది, హ్యాండ్‌లూమ్ మార్క్ చేనేత అని మాత్రమే అంటుంది. సిల్క్ మార్క్ చూపించి "ఒరిజినల్ పోచంపల్లి" అనేవాళ్లు ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరో ప్రశ్నకు అమ్ముతున్నారు.

ఈ కథ ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ఆ అంగళ్లకు చోటు ఇచ్చేది మన సంఘమే. ప్రింటు అమ్మడం తప్పని నేను అనను. ఇక్కత్ ప్రింటు అని పేరు పెట్టి, ఆ వెలకే అమ్మితే అది కొనేవాళ్ల ఇష్టం, నా ఇంట్లోనే అలాంటివి రెండున్నాయి. కాని చోటు ఇచ్చేటప్పుడు సంఘం ఒక షరతు పెట్టాలి. ఇరవై డాలర్లు దాటిన ప్రతి చీర బిల్లు మీదా ఆ నాలుగు జవాబులూ అమ్మేవాళ్ల చేతిరాతతో ఉండాలి: రంగు పోగుకా బట్టకా, పోగు ఏది, మగ్గం ఏది, ఊరు ఏది. తెలియనిది ఉంటే "తెలియదు" అని రాయనివ్వండి, అదీ జవాబే. అంగళ్ల వాళ్లు రారేమోనని కార్యవర్గంలో ఒకరు నాతో అన్నారు. ఒక పంక్తి రాయడానికి వెనకాడే అంగడి రాకపోతే మనకు పోయేదేమిటో నాకు అర్థం కాలేదు.

పద్మగారు ఆ పోగు ముక్కను కాగితానికి టేపుతో అంటించి, అంగడి వాళ్లిచ్చిన బిల్లుతో కలిపి దాచారు. ఆ బిల్లు నేను చూశాను. దాని మీద ఉన్నది "చీర – 1, 240" అని మాత్రమే.