నాలుగు మూలలు గుంజితే కుట్టు దగ్గరి వంపు పోదు

"పుస్తకం ఎంత లావున్నా ఫికరు లేదు. ఫోటో తీసి యాప్‌ల నాలుగు మూలలు పట్టి గుంజితే కుట్టుకాడి వంకర లైన్లన్నీ సాపైతయి. ఇంకేమన్న మిగిలితే డెస్క్యూ నొక్కుర్రి, అయిపాయె." (నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సలహా)

మూలల సంగతి ముందు. ఆ సవరణ పక్కకు వాలిన ఫోటోను ఎదురుగా తీసినట్టు మారుస్తుంది, అంతే. ఆ లెక్కలో తిన్నని గీత తిన్నగానే ఉంటుంది, వంగిన గీత వంగే ఉంటుంది. గోడ మీది నోటీసుకైతే అది చాలు.

డెస్క్యూ పేజీ మొత్తాన్ని ఒకే కోణంలో తిప్పుతుంది. కుట్టు దగ్గరేమో ఒక్కో లైను ఒక్కో తీరుగా వంగుతుంది. ఫోన్ పేజీ నడిమి మీద 50 సెం.మీ. ఎత్తున ఉందనుకోండి. కుట్టు దగ్గర కాగితం 2 సెం.మీ. లోతుకు దిగితే అక్కడి అచ్చు 52 సెం.మీ. దూరంలో పడి, ఆ మేరకు చిన్నగా కనిపిస్తుంది. నడిమికి 10 సెం.మీ. పైనున్న లైను కొస 9.6 దగ్గరే కనిపిస్తుంది, అంటే దాదాపు 4 మి.మీ. కిందికి జారుతుంది. అడుగు లైను అంతే పైకి లేస్తుంది, నడిమి లైను కదలదు. పై లైను సరిచేసేటట్టు తిప్పితే అడుగు లైను ఇంకా చెడుతుంది. ఫోన్‌ను మీటరు ఎత్తుకు జరిపి 2x లెన్సుతో తీస్తే ఈ జారుడు సగమవుతుంది.

"ఇంకేమన్న మిగిలితే" అన్నారు గానీ, అసలు మిగిలేది అక్షరాల నలుగుడు. కాగితం 60 డిగ్రీల వాలుతో లోపలికి దిగేచోట అక్షరం వెడల్పు సగానికి తగ్గుతుంది. 300 డీపీఐ ఫోటో అక్కడ అడ్డంగా 150 కిందే లెక్క. 'మ'కూ 'వ'కూ తేడా చూపే కొమ్ము ముందు పోయేది అక్కడే. లైను సాపు చేసినా ఆ పిక్సెళ్లు తిరిగి రావు. అందుకే పుస్తకాన్ని పూర్తిగా పరవకుండా వంద డిగ్రీల దాకా మాత్రమే తెరిచి, ఒక అట్టకు ఆసరా పెట్టి, ఫోన్‌ను ఆ పేజీకే ఎదురుగా నిలపాలి. కుడి పేజీలన్నీ ఒక వరుస, ఎడమవి ఇంకో వరుస తీయాలి.

మిగిలిన వంపుకు కంప్యూటర్‌లో స్కాన్‌టెయిలర్ అనే ప్రోగ్రాం తెరిచి, `Output` దశకు పోయి `Dewarping`ను `Manual`లో పెట్టండి. పై గీతను మొదటి నిండు లైను వెంట, కింది గీతను చివరి నిండు లైను వెంట పరవండి. గీతను వంచే చుక్కలు వెడల్పంతా సమంగా వద్దు. కుట్టు వైపు చివరి అంగుళంలోనే మూడు నాలుగు పెట్టాలి, వంపంతా అక్కడే ఉంది. లైన్లు సాపై అక్షరాలు ఇంకా సన్నగా ఉంటే `Depth perception` జరిపి చూడండి.

పద్యాల పుస్తకానికి `Auto`ను నమ్మకండి. ఎడమ పేజీలో పద్యపాదం కుట్టు దాకా రాకముందే ఆగిపోతుంది, వంపు పట్టుకోవడానికి అక్కడ అచ్చే ఉండదు. ఒత్తులు కిందికి వేలాడేచోట గీత వాటి వెంట దిగినా తెలిసిపోతుంది: సాపు చేసిన పేజీలో లైను అలలాగా ఊగుతుంది.