డెఫిషియన్సీ మెమో గారికి, మూడోసారి దయచేసినందుకు

విశాఖపట్నం,
మే 23, రాత్రి.

మహారాజశ్రీ డెఫిషియన్సీ మెమో గారికి,

గాజువాక ఆటోనగర్‌లో పైపులు కలిపే ఫ్లాంజీలు చేసుకు బతికే ఒక చిన్న ఎగుమతిదారు నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. తమరు క్షేమంగా ఉన్న సంగతి ఈ మధ్యాహ్నం మూడింటికి జీఎస్టీ పోర్టల్ తెరిచినప్పుడు తెలిసింది. కరెంటు లేదు, ఉక్కు నగరంలో ఉక్కపోత, షర్టు వీపుకి అంటుకుపోయింది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, రెండుసార్లు లాగౌట్ అయి మూడోసారి లోపలికి వెళ్తే నా పన్ను రీఫండ్ అర్జీ పక్కన తమరు కూర్చుని ఉన్నారు. RFD-03, అంటే అర్జీలో లోపముందని చెప్పే నోటీసు. పలకరింపు ఒక్క ముక్క: జతపరచిన పత్రాలు చదవడానికి వీలుగా లేవు.

ఏ పత్రం? చెప్పలేదు. ఎన్నో పేజీ? అదీ లేదు. పెళ్ళిచూపులకొచ్చి "పిల్ల నచ్చలేదు" అని లేచిపోయినవాళ్ళు కూడా దారిలో మధ్యవర్తికి కారణం చెప్తారండి.

తమరి రాకపోకలు డైరీలో రాసుకుంటున్నాను. ఫిబ్రవరిలో ఓడెక్కిన కంటెయినర్ తాలూకు రీఫండ్‌కి మార్చి 24న RFD-01, అంటే రీఫండ్ అర్జీ, వేశాను. తమరు ఏప్రిల్ 7న వచ్చారు, పద్నాలుగో రోజున. పత్రాలు అసంపూర్ణం అన్నారు. మళ్ళీ ఏప్రిల్ 16న వేశాను. ఏప్రిల్ 30న వచ్చారు, పద్నాలుగో రోజున. ఈసారి ఇన్వాయిస్ విలువకీ కస్టమ్స్‌కి ఇచ్చే షిప్పింగ్ బిల్లులోని ఎఫ్‌ఓబీ విలువకీ పొంతన లేదన్నారు. ఉండదు కదండీ. ఇన్వాయిస్‌లో ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి రాస్తాం, ఎఫ్‌ఓబీ అంటే ఓడెక్కేదాకా సరుకు విలువే, అందులో అవి రావు. రెండిట్లో ఏది తక్కువైతే అదే లెక్కలోకి తీసుకోవాలని 2022 జులైలో జీఎస్టీ రూల్ 89లోనే రాశారు. నేను తక్కువదే వేశాను. ఆ ముక్క కాగితం మీద పెట్టి మే 9న మూడోసారి వేశాను. ఇవాళ మే 23. వేళ్ళు లెక్కపెట్టుకోండి, మళ్ళీ పద్నాలుగో రోజే.

అర్జీ అందిందని రసీదు ఇవ్వడానికి ఆఫీసుకి 15 రోజులు గడువు. రసీదు ఇచ్చారా, అక్కడి నుంచి ఏడు రోజుల్లో 90 శాతం తాత్కాలికంగా ఇచ్చేయాలన్న రూలు ఉంది. రసీదు ఇవ్వకపోతే ఆ రూలుతో పనే లేదు. అందుకే గడువుకి ఒక్కరోజు ముందు తమర్ని పంపిస్తారు. పంపిన ఆఫీసు మీద నాకేం కోపం లేదు, ఏ ఆఫీసో చెప్పను కూడా. నా గొడవ అంతా తమరితోనే.

అసలు ఈ డబ్బు ఎవరిది అన్నది తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. జీఎస్టీ వాడకం మీద పన్ను. సరుకు ఎక్కడ వాడతారో అక్కడి వాళ్ళు కట్టాలి. నా ఫ్లాంజీలు బిగించేది దుబాయ్‌లో పైపుకి. మన పన్ను దుబాయ్ వాడి నెత్తిన రుద్దితే, వాడు ఆ పక్క దేశం సరుకు కొనుక్కుంటాడు. కాబట్టి చట్టమే ఎగుమతిని సున్నా పన్ను సరఫరా అంది. సున్నా అంటే నా బిల్లు మీద వేయకపోవడం ఒక్కటే కాదు, ఆ సరుకు చేయడానికి నేను ముందే కట్టిన పన్ను కూడా వెనక్కి ఇవ్వడం. అది సబ్సిడీ కాదు, సాయం అంతకన్నా కాదు. నా జేబులోంచి వెళ్ళి, నాకు తిరిగి రావాల్సిన నా డబ్బు.

లెక్క చెప్తాను, చిన్నదే. ఒక కంటెయినర్‌కి సుమారు 22 టన్నుల స్టీలు కొంటాను, 14 లక్షలు. దాని మీద 18 శాతం, అంటే 2 లక్షల 52 వేలు. గాల్వనైజింగ్, టూల్ బిట్లు, చెక్కపెట్టెలు వగైరా మరో 2 లక్షలు, సగటున 18 శాతమే అనుకోండి, 36 వేలు. మొత్తం పన్ను 2 లక్షల 88 వేలు. కూలి, కరెంటు, అద్దె, ఇతర ఖర్చులు 2 లక్షల 80 వేలు. సరుకు అమ్మేది 20 లక్షలకి. చివరికి నాకు మిగిలేది 1 లక్షా 20 వేలు.

మళ్ళీ చూడండి. లాభం 1.20, తమరి దగ్గర ఆగింది 2.88. నేను సంపాదించేదానికి రెండు రెట్లు పైన నేను సర్కారుకి అప్పుగా ఇస్తున్నాను, అదీ ఒక్క కంటెయినర్ మీద. నెలకో కంటెయినర్ వెళ్తుంది కదా. ఫిబ్రవరిది ఇలా తిరుగుతోంది. దీనికి పట్టిన గతి చూసి మార్చి, ఏప్రిల్ అర్జీలు ఆపుకున్నాం. మే సరుకుకి స్టీలు కొనేశాను. నాలుగు నెలలకి 11 లక్షల 52 వేలు. పది నెలల లాభానికి కాస్త తక్కువ.

లోకల్‌గా అమ్మేవాడికి ఈ బాధ లేదు. కొనేటప్పుడు కట్టింది అమ్మేటప్పుడు వసూలు చేసిన పన్నులోంచి మినహాయించుకుంటాడు, ఆ నెలకి ఆ నెల లెక్క తేలిపోతుంది. నేను ఎల్‌యూటీ మీద, అంటే ఎగుమతి చేస్తానని సర్కారుకి రాసిచ్చిన హామీ మీద, పన్ను కట్టకుండా పంపిస్తాను. మినహాయించుకోవడానికి నాకు పన్నే లేదు. కొనేటప్పుడు కట్టిన పన్ను చూపించే క్రెడిట్ లెడ్జర్‌లో అంకె మాత్రం దీపావళి ముందు మిఠాయి కొట్టులా కళకళలాడుతుంటుంది. కానీ ఆ అంకెతో జీతం ఇవ్వలేను, ఇనుము కొనలేను. అర్జీ వేయగానే ఆ అంకె అక్కడ తగ్గుతుంది, తమరు రాగానే తిరిగి చేరుతుంది. బావిలో బొక్కెన దింపి ఖాళీగా పైకి లాగినట్టు.

బ్యాంకులో 15 లక్షల సీసీ లిమిట్, అంటే వ్యాపారానికి వాడుకునే అప్పు పరిమితి, ఉంది. వాళ్ళు లిమిట్‌లో ఎంత వాడుకోవచ్చో ప్రతినెలా లెక్కేస్తారు. గోడౌన్‌లో స్టాకు ఎంత, రావాల్సిన బాకీలు ఎంత అని. ఏప్రిల్‌లో నేను బాకీల పట్టికలో ధైర్యం చేసి "జీఎస్టీ రీఫండ్" అని ఒక లైను రాశాను. మా మేనేజర్ గారు చాలా మర్యాదస్తులు. పెన్సిల్‌తో దాని మీద సన్నగా గీత కొట్టి, "ఇది మేం లెక్కలోకి తీసుకోమండి" అన్నారు. అంటే దుబాయ్ వ్యాపారి అరవై రోజుల్లో ఇస్తానన్న మాట బాకీ కింద చెల్లుతుంది, ప్రభుత్వం ఇస్తానన్న మాట చెల్లదు. ఆ పెన్సిల్ గీత నేను మర్చిపోలేకపోతున్నాను.

మరి జూన్ కంటెయినర్‌కి స్టీలు ఎలా? స్టీలు షాపాయన మంచివాడే, కానీ పాత బాకీ ఉండగా కొత్త లోడు ఎత్తడు. చివరికి నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చాను. ఆగిన మొత్తానికి ఆ లెక్కన వడ్డీ వేసుకుంటే నెలకి 23 వేల పైన. లాభంలో దాదాపు ఐదో వంతు. శనివారం ఓవర్‌టైమ్ ఆపేశాను. మా లేత్ మేస్త్రి మిషన్ తుడుస్తూ, నా మొహం చూడకుండానే, "ఏటి సార్, ఈ వారం కూడా ఓటీ లేనట్టేనా?" అన్నాడు. తమరి సంగతి అతనికి ఎలా చెప్పను? పీడీఎఫ్ మసకగా ఉందట, అందుకని నీ కూతురి స్కూలు ఫీజు వచ్చే వారం కట్టు, అని చెప్పనా?

ఇక అసలు విషయం. అర్జీ అందిన 60 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే 6 శాతం వడ్డీ ఇవ్వాలని చట్టం. (నేను పన్ను ఆలస్యం చేస్తే 18 శాతం. ఆ మూడు రెట్ల తేడా గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.) మార్చి 24 నుంచి మే 23కి సరిగ్గా 60 రోజులు. కూడుకుని చూడండి. రేపటి నుంచి నాకు వడ్డీ నడవాలి. కానీ తమరు వచ్చారు కాబట్టి పాత అర్జీ వేసినట్టే కాదు, కొత్త అర్జీ వేసిన రోజు నుంచి మళ్ళీ ఒకటి, రెండు, మూడు. అరవై రోజులు గడిచాయి, గడియారం సున్నా దగ్గర ఉంది. లెక్కల్లో ఆలస్యం ఒక్కరోజు కూడా లేదు! కాగితాల మీద నాలాంటి వాడు ఉండడు. రీఫండ్లన్నీ టైముకే వెళ్తున్నాయని రాసుకుంటారు, నిజమే కూడా. ఆలస్యమైనవి అర్జీలే కావు కదా.

ఒకసారి మెమో ఇచ్చాక, పాత లోపం సరిచేస్తే ఇంకో మెమో ఇవ్వకూడదు, కొత్తగా గట్టి లోపం దొరికితే తప్ప అని పన్ను శాఖ సర్క్యులరే చెప్తుంది. మసక కూడా గట్టి లోపమేనేమో. మసకని గట్టిగా ఎలా పట్టుకుంటారో నాకు తెలియదు.

ఎగుమతి బిల్లు మీద ఐజీఎస్టీ అనే పన్ను కట్టి పంపించు, కస్టమ్స్ నుంచి రీఫండ్ దానంతటదే వస్తుంది, అర్జీ గొడవే లేదు అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. చేసి చూశాను. 20 లక్షల మీద 3 లక్షల 60 వేలు, క్రెడిట్ పోను ఇంకో 72 వేలు చేతి నుంచి కట్టాలి. కట్టాను. అమ్మకాల రిటర్న్ GSTR-1లో ఇన్వాయిస్ నంబరు మధ్య ఒక గీత ఉంది, షిప్పింగ్ బిల్లులో లేదు. SB005 అని తప్పు చూపించి ఆగిపోయింది. ఆ గీతని సరిచేయించడానికి పోర్టు రోడ్డుకీ ఆటోనగర్‌కీ మధ్య తిరిగిన పెట్రోలు మరో లెక్క. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ఆ ఐజీఎస్టీ దారిలో కొత్త సీఎన్‌సీ మిషన్ మీద కట్టిన పన్ను కూడా వాడుకోవచ్చు. మన ఎల్‌యూటీ దారిలో మిషన్ల పన్ను రీఫండ్ లెక్కలోకే రాదు.

ఇప్పుడు మసక సంగతి. షిప్పింగ్ బిల్లు అసలు కాపీ అద్దంలా ఉంటుంది. అన్నీ కలిపి స్కాన్ చేస్తే 19 ఎంబీ. పోర్టల్ ఒక ఫైలుకి 5 ఎంబీ దాటనివ్వదు. అందుకని ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు నొక్కి, నొక్కి 4.8కి తెచ్చాడు. తెచ్చేసరికి 8 అంకె 3లా, 3 అంకె 8లా కనిపించింది. అంటే తమరి పోర్టలే నొక్కమంటుంది, నొక్కితే తమరు వచ్చి చదవలేమంటారు. ఆ షిప్పింగ్ బిల్లు పుట్టిందే కస్టమ్స్ కంప్యూటర్‌లో! నంబరు కొడితే వాళ్ళ తెర మీదే కనిపిస్తుంది. మీ ఇంట్లో పుట్టిన పిల్ల జాతకం మా ఇంట్లోంచి ఫొటో తీసి పంపమంటారు, పంపితే ఫొటో బాలేదంటారు. సిగ్గుందా అసలు? రెండు నెలలండి. ఇద్దరు మనుషులకి జీతం వారం ఆలస్యంగా ఇచ్చాను, మా ఆవిడ గాజులు బ్యాంకులో ఉన్నాయి, ఇక్కడ తమరేమో "చదవడానికి వీలుగా లేవు"!

క్షమించాలి. బీపీ మాత్ర వేసుకుని మళ్ళీ కూర్చున్నాను.

రాత్రి పదకొండు దాటింది. షిప్పింగ్ బిల్లు విడిగా, ఇన్వాయిస్ విడిగా, నా కొనుగోళ్ళ పన్ను చూపే 2B పట్టిక విడిగా, ఒక్కోటి ఒక్కో ఫైలు చేశాను. షిప్పింగ్ బిల్లు మొదటి పేజీ ఒక్కటే 1.2 ఎంబీ వచ్చింది, కళ్ళజోడు లేకుండా మా అమ్మ చదివింది. ఎల్లుండి, మే 25న, నాలుగోసారి వేస్తాను. అక్కడి నుంచి పద్నాలుగో రోజు జూన్ 8.

ఆ మధ్యాహ్నం మూడింటికి కుర్చీ వేసి ఉంచుతాను. మజ్జిగ కూడా ఉంటుంది. రావద్దు.

ఇట్లు,
తమరి పాత పరిచయస్తుడు