బ్యాండ్లు విచ్చుకున్నాయి సరే, ధర ఇంకా కదులుతోందా?

2023లో బిట్‌కాయిన్ రోజువారీ చార్టులో ఒకే రకం బొమ్మ రెండుసార్లు కనిపించింది. జనవరి మొదటి వారంలో ధర 16,500, 17,000 డాలర్ల మధ్య ఇరుక్కుపోయి ఉంది. ఆగస్టు మొదటి పక్షంలో 29,000, 30,000 మధ్య అలాగే చిక్కుకుంది. రెండుసార్లూ, ధరకు పైనా కిందా గీసే బోలింజర్ బ్యాండ్లనే గీతలు దగ్గరకు జరిగి, దాదాపు ఒకదాని పక్కన ఒకటి సాగాయి. ట్రేడర్లు దీన్ని స్క్వీజ్ అంటారు. మొదటిసారి ధర పైకి లేచి రెండు వారాల్లో 22,000 దాటింది. రెండోసారి ఒక్కరోజులో కిందకు జారి 26,000 దగ్గర కూలబడింది, మళ్ళీ తేరుకోవడానికి వారాలు పట్టింది. స్క్వీజ్ కనబడగానే పైకి బాణం గీసి వీడియో పెట్టేవారు మొదటి సందర్భాన్ని గుర్తుపెట్టుకుంటారు, రెండోదాన్ని మరిచిపోతారు.

నా అభిప్రాయంలో అసలు చిక్కు స్క్వీజ్‌లో లేదు. దాని తర్వాత బ్యాండ్లు విచ్చుకోవడాన్ని మనం చదివే తీరులో ఉంది. విచ్చుకునే బ్యాండ్లను చూసి మార్కెట్ ఇంకా వేడెక్కుతోందని చాలామంది అనుకుంటారు. ఆ విస్తరణలో పెద్ద భాగం ఇప్పటికే జరిగిపోయిన దాని లెక్క.

జాన్ బోలింజర్ 1980ల మొదట్లో రూపొందించిన ఈ పద్ధతి నిజానికి చాలా సాదా. గత 20 ముగింపు ధరల సగటు మధ్య గీత. ఆ ధరలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనానికి రెండు రెట్లు పైన ఒక గీత, అంతే దూరంలో కింద మరొకటి. పై గీతకూ కింది గీతకూ మధ్య దూరాన్ని సగటుతో భాగిస్తే బ్యాండ్‌విడ్త్ వస్తుంది. అది ఆరు నెలల కనిష్ఠానికి చేరితే స్క్వీజ్ అన్నది బోలింజర్ పెట్టిన కొలత. షేర్లలో ఆరు నెలలంటే సుమారు 125 రోజుల ట్రేడింగ్. కాయిన్లకు సెలవుల్లేవు కనుక 180 రోజులు చూడాలి. షేర్ల కోసం పెట్టిన 125ను అలాగే వాడితే నాలుగు నెలల కనిష్ఠాన్నే స్క్వీజ్ అనుకుంటాం.

మన దేశంలో ఉండి చార్టు చూసేవారు గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఎక్కువ చార్టుల్లో కాయిన్ రోజు గ్రీనిచ్ కాలమానపు అర్ధరాత్రికి ముగుస్తుంది, అంటే మనకు తెల్లవారుజామున 5:30కు. రాత్రి పదకొండింటికి పై గీతను దాటి కనిపించిన ఆ రోజు ధర కడ్డీ, అంటే క్యాండిల్, తెల్లవారేసరికి గీత లోపలికి వచ్చేయవచ్చు. బ్యాండ్లు ముగింపు ధరలతో కట్టినవి కాబట్టి, ముగియని క్యాండిల్‌ను చూసి గీత దాటిందనడం తొందరపాటు.

జనవరి సంగతి ముందు చూద్దాం. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ కూలిన తర్వాత మార్కెట్ నీరసించింది, డిసెంబరు చివరికి కదలికే లేకుండా పోయింది. జనవరి 8 నుంచి ధర కొంచెం కొంచెంగా పైకి జరిగింది. 12న అమెరికా ద్రవ్యోల్బణం అంకెలు వచ్చాయి, 14న ధర 21,000 దరిదాపుల్లో ముగిసింది. ఆ వారం పొడవునా ప్రతి ముగింపూ ముందు రోజు కంటే పైనే. దాదాపు అన్నీ పై గీతను ఆనుకునో, దాటో ఉన్నాయి. బ్యాండ్ వాక్ అంటే ఇదే: ధర గీతకు తగిలి వెనక్కి రాకుండా, గీతను తనతో పాటు లాక్కుపోవడం. గీత దాటింది కనుక ధర ఎక్కువైపోయిందని 11వ తేదీనే అమ్ముకున్నవారికి మూడు వేల డాలర్ల పెరుగుదల దక్కలేదు. గీతను తాకడం దానంతట అది కొనమనే సూచనా కాదు, అమ్మమనే సూచనా కాదు. ఈ మాట బోలింజర్ స్వయంగా చెబుతూనే ఉన్నారు.

ఇక ఆగస్టు. లెక్క తేలిగ్గా ఉండటానికి బొమ్మను కాస్త సాపు చేద్దాం. 19 రోజులు ధర సరిగ్గా 29,000 దగ్గర ముగిసిందనుకోండి. ఇరవయ్యో రోజు 26,000కు పడింది. 17వ తేదీన, ఆ మర్నాడు జరిగినది దీనికి బాగా దగ్గర. అప్పుడు సగటు 28,850, ప్రామాణిక విచలనం 654. కింది గీత 27,540 దగ్గర ఉంటుంది. ధర దానికి చాలా కింద ఉంది. బ్యాండ్‌విడ్త్ సున్నా నుంచి తొమ్మిది శాతానికి ఎగిరింది.

ఇప్పుడు ఆ తర్వాత ఏమీ జరగలేదనుకుందాం. ధర రోజూ 26,000 దగ్గరే ముగుస్తోంది, ఒక్క డాలరు తేడా లేదు. పడిన రోజుతో కలిపి నాలుగో రోజుకు సగటు 28,400, విచలనం 1,200 అవుతాయి, కింది గీత సరిగ్గా 26,000కు దిగుతుంది. అంటే మొదటి మూడు రోజులు ధర గీత కింద, నాలుగో రోజు గీత మీద. చార్టు చూసినవారికి ఇది అచ్చం కింది బ్యాండ్ వెంట నడకలాగే కనిపిస్తుంది. నిజానికి ధర అడుగైనా వేయలేదు, గీతే దిగి దాన్ని అందుకుంది.

బ్యాండ్‌విడ్త్ మాత్రం అక్కడితో ఆగదు. పదో రోజు నాటికి ఇరవై ముగింపుల్లో పది 29,000, పది 26,000. సగటు 27,500, విచలనం 1,500, గీతలు 24,500 దగ్గర, 30,500 దగ్గర. బ్యాండ్‌విడ్త్ దాదాపు 22 శాతం. పడిన రోజున తొమ్మిది శాతం ఉన్నది, ధర బొత్తిగా నిలిచిపోయిన తొమ్మిది రోజుల్లో రెట్టింపు దాటింది. పాత ధరలు, కొత్త ధరలు సరిసమానమైనప్పుడు చెదురు అత్యధికమవుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. ఆ తర్వాతే అది తగ్గుముఖం పడుతుంది. ఆగస్టు నాలుగో వారంలో ధర 26,000 చుట్టూ నిద్రపోతుంటే, విస్తరించే బ్యాండ్లను చూపించి ఇంకా పెద్ద పతనం రాబోతోందన్నవారు చదివింది ఈ కూడికలు తీసివేతలనే.

నిజమైన చార్టు ఇంత సాపుగా ఉండదు. స్క్వీజ్‌లో కూడా ధర కాస్త అటూ ఇటూ కదులుతుంది కనుక ఒక రోజు ముందో వెనకో కావచ్చు. కానీ ఒక గుణం పడిపోయిన మొత్తంతో సంబంధం లేకుండా నిలుస్తుంది. 20 రోజుల సగటుతో, రెండు విచలనాల గీతతో, ఒకే దూకుడు తర్వాత ఆగిపోయిన ధర నాలుగు రోజులకు మించి గీతను పట్టుకుని ఉండజాలదు. పతనం ఐదు శాతమైనా ముప్పై శాతమైనా అంతే. కాబట్టి నడక అసలుదా నకిలీదా తేల్చేది ఐదో రోజు. ఐదో రోజున కూడా ముగింపు గీత మీదో, దాని అవతలో ఉందంటే ధర నిజంగా ఇంకొంత కదిలి ఉండాలి, వేరే దారి లేదు. జనవరి 2023లోనూ ఈ తేడా కళ్ళకు కడుతుంది. 14 తర్వాత ధర ఐదు రోజులు 21,000 దగ్గర ఆగగానే పై గీత దాన్ని దాటి పైకి పోయింది. 20వ తేదీన ధర 22,000 దాటినప్పుడే మళ్ళీ గీతను అందుకుంది. ఆగిన ఆ ఐదు రోజుల్లోనూ బ్యాండ్‌విడ్త్ పెరుగుతూనే ఉంది.

మరి ఒడిదుడుకులు పెరగడం భవిష్యత్తు గురించి ఏమీ చెప్పదా? చెబుతుంది, ఒక్క విషయం బాగానే చెబుతుంది. పెద్ద కదలికల వెనక పెద్ద కదలికలు, చిన్నవాటి వెనక చిన్నవి వస్తాయని బెన్వా మాండెల్‌బ్రో 1963లో పత్తి ధరలు పరిశీలించి రాశారు. దాన్ని కొలిచే నమూనాను 1982లో రాబర్ట్ ఎంగిల్ ఇచ్చారు, అందుకే ఆయనకు 2003లో నోబెల్ వచ్చింది. కాయిన్లలోనూ ఈ గుణం స్పష్టంగా ఉంది. అయితే ఇక్కడ పెద్ద అన్నది పరిమాణానికే పరిమితం, పైకా కిందకా అన్నది అందులో లేదు. రేపటి ఊపు ఎంత ఉండవచ్చో అంచనా వేయడానికి కూడా బ్యాండ్‌విడ్త్ కంటే గత నాలుగైదు రోజుల్లో ఒక్కో రోజు గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య తేడా మెరుగైన ఆధారం. ఆ తేడాలు కుంచించుకుపోతుండగా బ్యాండ్‌విడ్త్ పెరుగుతుంటే నేను బ్యాండ్‌విడ్త్‌ను పక్కన పెడతాను.

గీతల మధ్య ధర 95 శాతం సార్లు ఉంటుందన్న మాటనూ ఇక్కడే వదిలించుకోవాలి. గణితంలో గంట ఆకారపు పంపిణీకి ఆ అంకె సరిపోతుంది, కాయిన్ ధరలు ఆ ఆకారంలో ఉండవు. 2018లో ఈ నమ్మకానికి గట్టి మూల్యమే పడింది. ఆ ఏడాది అక్టోబరులో బిట్‌కాయిన్ 6,400 చుట్టూ వారాల తరబడి కదలకుండా ఉంది. నవంబరు 14న 6,000 కిందకు పడింది. కింది గీత దాటింది, ఇక వెనక్కి రావాల్సిందే అని కొన్నవారి కళ్ళముందే పది పన్నెండు రోజుల్లో 4,000 కిందకు చేరింది. అక్కడ ఐదో రోజు తర్వాత కూడా కొత్త కనిష్ఠాలు వస్తూనే ఉన్నాయి. అది అసలు నడక.

దిశ తెలియదు కనుక ఎటు తెగితే అటు వెళ్దామనేవారు చాలామంది. ఆ పద్ధతిలో మోసపు మొదటి అడుగులు తప్పవు: ధర పై గీతను దాటి ఆశ చూపి, మర్నాడే లోపలికి వచ్చేస్తుంది. రెండు మూడు చిన్న నష్టాలు భరించి ఒక పెద్ద నడకలో రాబట్టుకోవడమే దాని లెక్క. మన దేశంలో ఆ లెక్కకు పన్ను అడ్డం వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి కాయిన్ల లాభంపై 30 శాతం పన్ను, దానిపై నాలుగు శాతం సెస్సు. ఒక లావాదేవీలోని నష్టాన్ని మరొకదాని లాభంలోంచి తీసివేయనివ్వరు. లక్ష రూపాయల చొప్పున మూడుసార్లు కొన్నారనుకోండి. రెండుసార్లు నాలుగేసి వేలు పోయాయి, మూడోసారి పది వేలు వచ్చాయి. చేతిలో మిగిలింది రెండు వేలు. పన్ను మాత్రం పది వేల మీద 3,120. చివరికి 1,120 నష్టం. అమ్మిన ప్రతిసారీ ఒక శాతం టీడీఎస్ ముందే కోతపడుతుంది. రిటర్నులో సర్దుబాటయ్యేదాకా ఆ మూడు వేల పైచిలుకు కూడా ట్రేడింగ్‌కు అందుబాటులో ఉండదు.

ఆ రెండు చిన్న నష్టాలను పూడ్చి సున్నాకు చేరాలంటేనే మూడోసారి 11,600కు పైగా లాభం రావాలి. కొన్న ధర నుంచి పదకొండున్నర శాతం దాటిన పెరుగుదల అన్నమాట. 2023 జనవరి నడక అంతకు మించే ఇచ్చింది. ఆగస్టు తరహాలో ఒక్క దూకుడుతో పదిశాతం కదిలి ఆగిపోయే స్క్వీజ్, పైకే తెగినా, ఆ పదకొండున్నర శాతాన్ని చేరదు.