నాలుగో ఫ్యాక్టర్ నామకరణ మహోత్సవం

పరిశోధక మిత్రులారా, ఏ వాక్యాల జవాబులు ఒక గుంపుగా కదులుతున్నాయో వెతికే ఎక్స్‌ప్లోరేటరీ ఫ్యాక్టర్ ఎనాలిసిస్‌లో పిలవని ఫ్యాక్టర్, అంటే అలాంటి గుంపు, ఒకటి వచ్చి కూర్చుంటే కంగారు పడకండి. బరువైన పేరొకటి పెట్టేయండి. నేను చేసిందదే.

ఉద్యోగ సంతృప్తి మీద 12 వాక్యాలు రాశాను. జీతం, పై అధికారి, తోటివాళ్లు, ఒక్కోదానికి నాలుగేసి. చదవకుండా టిక్కులు కొట్టేవాళ్లు దొరికిపోవాలని ఒక్కో గుంపులో ఒక వాక్యాన్ని తిరగేశాను, "నా జీతం నా పనికి తగ్గట్టు లేదు" అన్నట్టుగా. అస్సలు ఒప్పుకోకపోతే 1, పూర్తిగా ఒప్పుకుంటే 5 చొప్పున మార్కులు వేస్తూ 200 మంది నింపారు. తిరగేసిన వాక్యాల్లో 5ని 1గా, 4ని 2గా మార్చుకుని చూస్తే మూడు రావాల్సిన చోట నాలుగు ఫ్యాక్టర్లు! నాలుగోదాని బలమెంతో చెప్పే ఐగెన్ విలువ 1.4. ఒకటి దాటితే చాలనే పాత సూత్రం ఎవరినైనా లోపలికి రానిస్తుందని తెలుసు కాబట్టి, అంతే సైజులో ఉత్తుత్తి అంకెలు పుట్టించి పోల్చే పేరలల్ ఎనాలిసిస్ కూడా చేశాను. ఆ ఉత్తుత్తి అంకెల్లో నాలుగోది 1.15 దగ్గరే ఆగింది. అంటే నాది నిఖార్సయిన ఫ్యాక్టరే! "సంస్థాగత నిస్పృహ" అని పేరు పెట్టి, దాని మీద రెండు పేజీలు కూడా రాసేశాను.

అందులో ఉన్నవి ఏ వాక్యాలని మాత్రం చూడలేదు. జీతానిదొకటి, అధికారిదొకటి, తోటివాళ్లదొకటి, మూడూ "లేదు", "కాదు" వాక్యాలే. జీతం తగ్గట్టు లేదన్న వాక్యానికి సొంత గుంపులో లోడింగ్, అంటే గుంపుని అంటిపెట్టుకున్న బలం, 0.31, ఈ కొత్త గుంపులో 0.62. సొంత ఇల్లు వదిలి పక్కింట్లో కాపురమన్నమాట.

నింపిన కాగితాలు తిరగేస్తే 23 మంది "జీతం సరిపోతుంది"కీ 4 పెట్టారు, "తగ్గట్టు లేదు"కీ 4 పెట్టారు. నేను మార్కులు తిప్పగానే వాళ్లకి మామూలు వాక్యాల్లో 4, తిరగేసిన మూడింట్లోనూ 2. ఆ మూడూ కలిసికట్టుగా కిందికి దిగాయి కాబట్టి వాటి మధ్య చుట్టరికం పుట్టింది. పదిమందిలో ఒకరు ఇలా చదవకుండా నింపినా ఫ్యాక్టర్ ఒకటి పుట్టుకురావచ్చని 1985లోనే ష్మిట్, స్టల్ట్స్ చూపించారట, నాకెవరూ చెప్పలేదు. పేరలల్ ఎనాలిసిస్ తప్పేమీ చెప్పలేదు లెండి. ఏదో ఉందంది, అదేమిటో చెప్పడం దాని పని కాదు.

ఆ 23 మందినీ తీసేసి మళ్లీ నడిపితే నాలుగో విలువ 0.9కి పడింది, జీతం వాక్యం 0.58తో పుట్టింటికి చేరింది. (అందరికీ ఇలా కలిసిరాదు. శ్రద్ధగా చదివినవాళ్లు కూడా "లేదు" అన్న వాక్యానికి వేరుగా స్పందిస్తారు, అప్పుడు ఎంతమందిని తీసేసినా ఆ ఫ్యాక్టర్ కదలదు.)

ఇక మిగిలింది నిస్పృహ మీద రాసిన ఆ రెండు పేజీలు. తీసేయమంటే గైడు గారు ఒప్పుకోవడం లేదు, పేరు చాలా బాగుందట.