సవరణ: మంటల్లో కూర్చున్న కుక్క

"మంటల్లో కుక్క మీమ్ ధైర్యానికి గుర్తని రాశారు, నిజమేనా?" అని శ్రీకాకుళం నుంచి ఒకరి ప్రశ్న.

కాదు, పొరపాటు నాదే. కేసీ గ్రీన్ 2013లో తన వెబ్‌కామిక్ "గన్‌షో"లో వేసిన ఆ బొమ్మ మొత్తం ఆరు గళ్ళు. అక్కడే చూసి సరిచేస్తున్నాను. తిరుగుతున్నవి మొదటి రెండే: చుట్టూ మంటలు, బల్ల మీద కప్పు, "దిస్ ఈజ్ ఫైన్" అనే మాట. అక్కడికి కత్తిరించేసరికి కుక్క నిబ్బరంగా కనిపిస్తుంది. మిగతా గళ్ళలో, అంతా సర్దుకుంటుందని అంటూనే దాని మొహం కరిగి కారిపోతుంది. ఎగతాళి అంతా ఆ కరగడంలోనే ఉంది. తుపాను రాత్రి కరెంటు పోతే మన గ్రూపుల్లో "ఏటీ అవనేదు" అని ఈ రెండు గళ్ళే పెడతారు, అందుకే ధైర్యమనిపిస్తుంది.