ఆ రెండు నిమిషాలు

పోయిన డిసెంబర్‌లో ఇంటికి వెళ్లినప్పుడు హన్మకొండలో ఒక కాలేజీ సెమినార్‌కు పోయాను. రెండు రోజుల కార్యక్రమం, విషయం కాకతీయుల నాటి చెరువులు. మొదటి రోజు పొద్దున వక్తకు ఇచ్చింది 30 నిమిషాలు. ఆయన్ని పరిచయం చేసిన పెద్దమనిషి "వీరికి పరిచయం అక్కరలేదు" అని మొదలుపెట్టి 11 నిమిషాలు మాట్లాడారు. ఆ తర్వాత శాలువా, పూలగుత్తి, ఫోటోలు. అసలు వక్త మైకు అందుకునేసరికి ఆయన చేతిలో సగం సమయమే మిగిలింది. తెచ్చుకున్న బొమ్మల్లో చెరువు కట్ట దాకా వచ్చారు, తూము దగ్గరికి రాకముందే చిట్టీ వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను దీని గురించి కాస్త గట్టిగానే మాట్లాడినట్టున్నాను. నిర్వాహకుల్లో ఒకాయన నా పక్కన కూర్చుని, "అయితే రేపు పొద్దుగాల సార్‌ను మీరే పరిచయం చెయ్యాలె అన్నా, రెండే నిమిషాలు" అన్నారు. నోరు జారిన ఫలితం. సాయంత్రానికి ఫోన్‌లో మూడు పేజీల బయోడేటా వచ్చింది.

రెండో రోజు వక్త నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజినీర్. ఆయన పేరు ఇక్కడ రాయను, ఆయనకు అది నచ్చదు. మూడు పేజీల్లో పుట్టిన ఊరు, చదివిన బడులు, ఎక్కిన మెట్లు, అందుకున్న జ్ఞాపికలు, సభ్యత్వం ఉన్న సంఘాలు వరుసగా ఉన్నాయి. ఆ మూడు పేజీలు ఉద్యోగానికి అర్హత చూపించడానికి రాసుకున్నవి. హాల్లో కూర్చున్నవాళ్లు ఆయనకు ఉద్యోగం ఇవ్వబోవడం లేదు. వాళ్లకు కావలసినవి మూడు సంగతులు: ఈ విషయం ఇవాళ మనకెందుకు, దీని గురించి ఈయనే ఎందుకు చెప్పాలి, ఇప్పుడు మనం ఏం వినబోతున్నాం. బయోడేటాలో ఉన్న ప్రతి ముక్కనూ ఈ మూడింటి ముందు నిలబెట్టాను. మూడు పేజీల్లో నాలుగు వాక్యాలు మిగిలాయి.

నా మొదటి చిత్తుప్రతి మాత్రం బాగా లేదు. రామప్పతో మొదలుపెట్టాను. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించడం, దాని పక్కనే చెరువు, 2021లో యునెస్కో గుర్తింపు, ఇదంతా రాసుకున్నాను. చదువుతుంటే నాకే ముచ్చటేసింది. రాత్రి ఆయనకు ఫోన్ చేసి వినిపించాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "బిడ్డా, అది నేను చెప్పేదే కద. నువ్వే చెప్తే నేను ఏం చెప్పాలె?" అన్నారు. నిజమే. పైగా వరంగల్‌లో కూర్చుని వరంగల్ వాళ్లకు రామప్ప గురించి చెప్పడమేమిటి?

ఆ ఫోన్ పది నిమిషాలు కూడా పట్టలేదు, కానీ పరిచయంలో సగం పని అక్కడే అయింది. పేరు ఎలా పలకాలి, ఇంటిపేరుతో కలిపి పిలవాలా వద్దా అని అడిగాను. బయోడేటాలో ఉన్న హోదా పాతది, దాని తర్వాత ఇంకొకటి వచ్చిందని తెలిసింది. "చెప్పొద్దు అనుకున్నది ఏమన్నా ఉందా సార్?" అని కూడా అడిగాను. ఒక చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, కట్టడాలు ఆపినందుకు ఆయనకు బదిలీ అయిందని ఎవరో చెప్పగా విన్నాను. పరిచయానికి అంతకంటే మంచి కథ దొరకదనుకున్నాను. ఆయన వద్దన్నారు. "అది చెప్తే అందరు ఆ కొట్లాటే యాది పెట్టుకుంటరు, చెరువు మర్చిపోతరు." మనకు తెలిసిన కథ మంచిదే కావచ్చు, కానీ అది ఆయనది.

ఇక ఆత్మీయత సంగతి. మన సభల్లో దాన్ని విశేషణాలతో తెస్తాం: బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, మృదుభాషి, మహామనీషి. ఈ మాటలు ఏ వక్తకైనా సరిపోతాయి, అందుకే ఏ వక్తకూ అంటవు. నేను వెతికింది చూసిన మనిషికే తెలిసే ఒక చిన్న సంగతి. అది అనుకోకుండా ఫోన్‌లోనే దొరికింది. చెరువుల పేర్లు అడిగితే, "ఆగు, బుక్కు తీస్త" అన్నారు. ఆ నోటుబుక్కులో ప్రతి చెరువు కిందా దాని నీరటికాడి పేరు ఉందట. మన సంఘంలో పిల్లలు కూడా ఇది చదువుతారు కాబట్టి చెప్తున్నాను: చెరువు తూము తెరిచి, మూసి, పొలాలకు వంతుల వారీగా నీళ్లు పారించే మనిషి నీరటికాడు. ఆ బుక్కు సంగతి చెప్పడానికి ఆయన్ని అనుమతి అడిగాను. నవ్వి సరే అన్నారు.

మరునాడు నేను చదివింది ఇది:

"అందరికీ నమస్కారం. వానాకాలంలో మన దగ్గర ఎవరు కలిసినా ముందు అడిగేది, మీ చెరువు మత్తడి దుంకిందా అని. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు ఎటు పోతాయి? కింది ఊరి చెరువుకు పోతాయి. అది నిండితే ఇంకో ఊరికి. ఈ గొలుసు చాలా చోట్ల తెగింది. ఎక్కడ తెగిందో ఇవాళ చూపించబోయే మనిషి నీటిపారుదల శాఖలో 34 ఏళ్లు పనిచేశారు. అందులో ఎక్కువ కాలం ములుగు, నర్సంపేట వైపే ఉన్నారు. పాత తూములు బాగు చేయించారు. రిటైరయ్యాక చెరువుకూ చెరువుకూ మధ్య కాలువల వెంట నడిచి పటం గీశారు. ఆ పటం ఇవాళ తెర మీద చూస్తాం. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ప్రతి చెరువు పేరు కింద దాని నీరటికాడి పేరు రాసి ఉంటుంది. ఎందుకు సార్ అని అడిగితే, తూము ఎప్పుడు తెరవాల్నో నాకు నేర్పింది వాళ్లే అన్నారు. 'గొలుసు ఎక్కడ తెగింది' అనే అంశం మీద 30 నిమిషాలు మాట్లాడతారు. తర్వాత మీ ప్రశ్నలు. రండి సార్..."

ఆ తర్వాత ఆయన పేరు, గారు. అంతే. తీరిగ్గా చదివితే నిమిషం 40 సెకన్లు.

పేరు చివర పెట్టడానికి కారణం మన భాషలోనే ఉంది. మనం "ఫలానా గారిని వేదిక మీదికి రావలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాము" అంటాం. పేరు వినగానే చప్పట్లు మొదలవుతాయి, మిగిలిన వాక్యమంతా వాటి కింద పడి నలుగుతుంది. మనం ఇంకా మాట్లాడుతూనే ఉంటాం, వక్త లేవాలో వద్దో తెలియక సగం లేచి ఉంటారు. "రండి సార్" ముందు వచ్చి పేరు ఆఖరున పడితే చప్పట్లకు ఆయన నడిచి రావచ్చు.

ఇంకో చిక్కు కూడా తెలుగుదే. బయోడేటాను చదివేటప్పుడు "జన్మించి, విద్యనభ్యసించి, పట్టా పుచ్చుకుని, ఉద్యోగంలో చేరి, అంచెలంచెలుగా ఎదిగి" అని క్రియ కోసం అర నిమిషం ఎదురుచూడాల్సి వస్తుంది. రాసినప్పుడు బాగుంటుంది, వినేవాడికి ఊపిరాడదు. అందుకే "పనిచేశారు", "బాగు చేయించారు", "పటం గీశారు" అని ఒక్కొక్క పనినీ ముగించుకుంటూ పోయాను. నిడివి కొలవడానికి మాటలు లెక్కపెట్టి లాభం లేదు, తెలుగులో ఒక్కో మాట ఒక్కో పొడవు. ఫోన్‌లో టైమర్ పెట్టి, నిలబడి, పైకి చదవాలి. కళ్లతో చదువుకుంటే ఎప్పుడూ తక్కువ సమయమే కనిపిస్తుంది.

ఇదంతా మన సంఘం పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, మన దగ్గర ఇది ఇంకా ముదిరింది. ఊరి నుంచి ఒక పెద్దాయన వస్తే ఆయన్ని పిలిచిన కమిటీ సభ్యుడు, టికెట్టు కొన్న దాత, చిన్నప్పుడు ఒకే బడిలో చదివిన మిత్రుడు, ముగ్గురూ తలా కొంచెం పరిచయం చేస్తారు. అందులో సగం ఆయనతో తమకున్న చనువు గురించే. "అంత దూరం నుంచి వచ్చిన మనిషికి రెండు నిమిషాలేనా, చిన్నబుచ్చినట్టు కాదా?" అని మన కార్యవర్గంలోనే ఒక అన్న నన్నడిగారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అవార్డులన్నీ చెప్పకపోతే మర్యాద తక్కువైందేమోనన్న భయం అది. కానీ ఆ జాబితాను కరపత్రంలో అచ్చు వేయొచ్చు, చదవాలనుకున్నవాళ్లు చదువుతారు. శాలువా ప్రసంగం తర్వాత కప్పొచ్చు. హన్మకొండలో నేను ముందే అడిగితే నిర్వాహకులు ఒప్పుకున్నారు, ఎవరూ నొచ్చుకోలేదు. సన్మాన సభ వేరు. అక్కడ ఆ మనిషి జీవితమే విషయం, 20 నిమిషాలైనా మాట్లాడండి. ఏదో ఒకటి చెప్పడానికి పిలిచిన చోట మాత్రం ఆయన సమయాన్ని ఆయనకు ఇవ్వడమే మర్యాద అని నా పట్టుదల.

నా పరిచయం మచ్చలేకుండా సాగిందని అనుకోకండి. చదువుతుండగా ఒకాయన వెనక నుంచి చిట్టీ అందించారు, ముందు వరుసలోని ఇద్దరు పెద్దల పేర్లు చెప్పమని. చిట్టీ చూసే తొందరలో నర్సంపేట దగ్గర వరుస తప్పి ఒక వాక్యం రెండుసార్లు చదివాను. ఆ పేర్లు చెప్పలేదు. తర్వాత టీ దగ్గర వాళ్లలో ఒకరు నాతో ముభావంగానే ఉన్నారు.

పరిచయం పనిచేసిందా లేదా అన్నది వక్త మొదటి మాటను బట్టి తెలుస్తుంది. "ముందుగా ఒక చిన్న సవరణ" అన్నారంటే మనం ఏదో తప్పు చదివాం. "నా గురించి చాలా ఎక్కువ చెప్పారు" అన్నారంటే నిజంగానే ఎక్కువ చెప్పాం. ఇంజినీర్ గారు మైకు కొంచెం కిందికి వంచుకున్నారు, కళ్లజోడు పెట్టుకున్నారు, నోటుబుక్కు బల్ల మీద పెట్టారు. "మా ఊరి చెరువు ఈ ఏడు మత్తడి దుంకలే," అన్నారు. "ఎందుకు దుంకలేదో పై ఊరికి పోయి చూసిన."