ఎఫ్‌డీఏ ఏ ఫ్యాక్టరీనీ అప్రూవ్ చేయదు, దయచేసి ఆ మాట తీసేయండి

ఈరోజు మధ్యాహ్నం మా మార్కెటింగ్ వాళ్లు మా గుంటూరు ఫ్యాక్టరీ వీడియో లింక్డిన్‌లో పెట్టారు. మాది మిర్చి, కారం ఎగుమతి చేసే సంస్థ, నేను క్వాలిటీ చూస్తాను. వీడియో బాగానే వచ్చింది. దాని పైన పెట్టిన క్యాప్షన్ చదివాకే ఒళ్లు మండిపోయింది. "ప్రపంచ స్థాయి నాణ్యత. యూఎస్ ఎఫ్‌డీఏ అప్రూవ్డ్. ఐఎస్ఓ సర్టిఫైడ్. రోజుకు 50 టన్నుల సామర్థ్యం. ఏ దేశానికైనా ఎగుమతికి సిద్ధం." చివర్లో రాకెట్ బొమ్మ, భూగోళం బొమ్మ. కాసేపటికే జర్మనీలో సరుకు కొనే కంపెనీ మనిషి కింద అడిగాడు: మీ సర్టిఫికెట్ స్కోప్ ఏమిటి, స్టీమ్ స్టెరిలైజ్ చేసిన కారం, అంటే ఆవిరితో క్రిములు చంపిన కారం, రోజుకు ఎంత ఇవ్వగలరు అని. మావాళ్లు ఇచ్చిన జవాబు "ప్లీజ్ డీఎం సర్". అంతే.

ముందు ఆ ఎఫ్‌డీఏ సంగతి. అది అమెరికాలో ఆహారం, మందులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ. అమెరికాకు ఆహార పదార్థాలు పంపే ఫ్యాక్టరీ అక్కడ రిజిస్టర్ చేసుకోవాలి. 2002లో వచ్చిన బయోటెర్రరిజం చట్టం కింద పెట్టిన నియమం అది. అమెరికాలో ఒక ఏజెంట్‌ను చూపించాలి, సరి సంఖ్య వచ్చే ప్రతి సంవత్సరం అక్టోబర్ 1 నుంచి డిసెంబర్ 31 లోపు రెన్యూ చేసుకోవాలి. దీనికి ఎఫ్‌డీఏ పైసా తీసుకోదు. సర్టిఫికెట్ కూడా ఇవ్వదు. మీ ఫ్యాక్టరీ బాగుంది, మేం ఒప్పుకున్నాం అని ఎక్కడా అనదు. ఫలానా చోట ఫలానా సంస్థ ఉంది అని నమోదు చేసుకుంటుంది, అంతవరకే. మన దగ్గర గోడమీద వేలాడే గద్ద బొమ్మ, బంగారు సీలు ఉన్న కాగితం కన్సల్టెంట్ ప్రింట్ తీసి ఇచ్చింది. సరుకు కొనే వాడికి ఇది బాగా తెలుసు. "అప్రూవ్డ్" అన్న మాట చూడగానే, ఈ సంస్థలో నియమాలు తెలిసిన మనిషి లేడు అనుకుంటాడు. మేం ఉన్నాం కదా!

ఐఎస్ఓ కూడా అంతే. ఐఎస్ఓ తనంతట తాను ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ఆడిట్ చేసిన సంస్థ ఇస్తుంది. ఏ ప్రమాణం, ఏ సంవత్సరపు వెర్షన్, ఎవరు ఇచ్చారు, ఎప్పటివరకు, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ పనికి, అదే స్కోప్: ఇవి రాస్తేనే దానికి విలువ. మాకున్నది ఐఎస్ఓ 22000 ఆధారంగా ఆహార భద్రతకు ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌సీ 22000 సర్టిఫికెట్. దాని స్కోప్‌లో గ్రైండింగ్, ప్యాకింగ్ ఉన్నాయి. స్టెరిలైజర్ ఆ తర్వాత పెట్టాం, అది ఇంకా స్కోప్‌లోకి రాలేదు. ఆ జర్మనీ ఆయన సరిగ్గా అదే అడిగాడు. ఎఫ్‌ఎస్‌ఎస్‌సీ వాళ్ల రిజిస్టర్ ఎవరైనా తెరిచి చూడొచ్చు, రెండు నిమిషాల పని. దాచడానికి అందులో ఏముంది? ఉన్నది ఉన్నట్టు రాసి, స్టెరిలైజర్‌ను వచ్చే ఆడిట్‌లో చేరుస్తున్నాం అంటే ఆయన గౌరవించేవాడు.

ఇక 50 టన్నులు. ఈ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. మూడు గ్రైండింగ్ లైన్లు, ఒక్కోటి గంటకు టన్ను. రెండు షిఫ్టులకు పదహారు గంటలు. 48 వచ్చింది, దాన్ని 50 చేశారు. యూరప్‌లో చాలామంది స్టెరిలైజ్ చేయని కారం తీసుకోరే! మా స్టెరిలైజర్ గంటకు 500 కిలోలు. కడగడానికి, వేడెక్కడానికి రెండు గంటలు తీసేస్తే పద్నాలుగు గంటలు, అంటే 7 టన్నులు. యూరప్ ఆర్డర్‌కు మా అసలు సామర్థ్యం అదే. 14 టన్నుల ఆర్డర్ అంటే రెండు రోజులు స్టెరిలైజర్ దగ్గరే. తర్వాత సాల్మొనెల్లా బ్యాక్టీరియా పరీక్ష రిజల్ట్ వచ్చేదాకా గోడౌన్‌లో ఆపి ఉంచాలి. నమ్మి ఆర్డర్ పెట్టాక ఈ లెక్క బయటపడితే ఫోన్ ఎవరికి వస్తుంది? మార్కెటింగ్‌కు రాదు, నాకే వస్తుంది.

"ఏ దేశానికైనా" అన్నది చదివితే బాధే వేస్తుంది. అఫ్లాటాక్సిన్ అంటే బూజు పుట్టించే విషం. యూరప్‌లో మిర్చికి అందులో బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 దాటకూడదు. అమెరికాలో మొత్తం 20 వరకు. ఒకే లాట్ ఒక దేశానికి పోతుంది, ఇంకో దేశం నుంచి తిరిగొస్తుంది. కల్లంలో మంచు పడిన రాత్రి కుప్ప మీద పట్టా కప్పారా లేదా, సరుకు ఎంత తేమతో కోల్డ్ స్టోరేజీకి చేరింది అన్న దగ్గరే ఇది తేలిపోతుంది. అందుకే మేం లాట్ లాట్‌కూ కాయను విరిచి లోపల బూజు చూస్తాం. తొడిమ దగ్గర బూడిద రంగు పొర కనిపిస్తే ఆ బస్తా పక్కన పెట్టి, లాట్ మొత్తం శాంపిల్ ల్యాబ్‌కు పంపుతాం. ఇంత పని చేస్తాం, వీడియోలో ఒక్క సెకను కూడా లేదు.

వీడియోలో ఏముందో కూడా చెప్పాలి. ఇరవై సెకన్ల దగ్గర ఆపి చూడండి. ఏరే బెల్టు దగ్గర ఒకామె చేతికి గాజులున్నాయి, టోపీ వెనక్కి జరిగి నుదుటి మీద జుట్టు కనిపిస్తోంది. ఆడిటర్ ఆ ఒక్క ఫ్రేమ్ చూస్తే నియమం తప్పారని నాన్‌కన్ఫర్మిటీ రాస్తాడు. ఆమె తప్పు కాదు. షూటింగ్ వాళ్లు "సహజంగా ఉండాలి అక్కా" అంటే అలా నిలబడింది. ఎడిట్ చేసేటప్పుడు మా డిపార్ట్‌మెంట్‌ను ఒక్కసారి పిలిస్తే సరిపోయేది.

పిలవరు. ఎన్నో ఏళ్లుగా ఇదే. క్వాలిటీ వాళ్లంటే అన్నిటికీ అడ్డం పడేవాళ్లని పేరు. ఆ కన్సల్టెంట్‌కు రెన్యువల్ పేరిట డబ్బు కట్టవద్దు, అది ఫ్రీ, మనమే చేసుకోవచ్చు అని అప్పుడే చెప్పాను. "నీకెందుకమ్మా ఈ గొడవ, కాగితం ఫ్రేమ్ కట్టిస్తే కస్టమర్ చూస్తాడు" అన్నారు. ఆ ఫ్రేమే ఇప్పుడు వీడియోలో క్లోజప్. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశపు కారంలో ఆహారంలో కలపకూడని సుడాన్ 1 రంగు దొరికినప్పుడు యూరప్ మొత్తం తలుపు బిగించింది. మిర్చి ఎగుమతి అంటే ఇప్పటికీ ప్రతి లాట్‌కూ పరీక్షలే. ఆ నమ్మకం తిరిగి కట్టింది ల్యాబ్‌లో కూర్చున్న మనుషులు. ఫొటోల్లో వాళ్లు లేరు, క్యాప్షన్‌లో వాళ్ల పని లేదు.

సాయంత్రం ఓనర్ గారబ్బాయికి కొత్త క్యాప్షన్ రాసి పంపాను. ఫీడ్‌లో వీడియో శబ్దం లేకుండా మొదలవుతుంది, క్యాప్షన్‌లో పైన రెండు మూడు లైన్లే కనిపిస్తాయి. అందుకే అసలు విషయం పైనే పెట్టాను: "గుంటూరు నుంచి తేజ, సన్నం మిర్చి, కారం. స్టీమ్ స్టెరిలైజ్డ్ కారం రోజుకు 7 టన్నులు, మామూలు కారం 48 టన్నులు. గ్రైండింగ్, ప్యాకింగ్‌కు ఎఫ్‌ఎస్‌ఎస్‌సీ 22000, సర్టిఫికెట్ నంబర్, గడువు కింద." ఆ తర్వాత స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, ఎఫ్‌డీఏ ఫెసిలిటీ రిజిస్టర్డ్, 25 కిలోల బస్తా, ఎఫ్‌ఓబీ చెన్నై, లాట్‌కు ఏ పరీక్షలు చేస్తాం, శాంపిల్ ఎన్ని రోజుల్లో పంపుతాం. ఆయన జవాబు: "మేడం, ఇది మరీ డ్రైగా ఉంది, అందరూ అప్రూవ్డ్ అనే పెడుతున్నారు కదా."

అందరూ పెడుతున్నారు కాబట్టే ఆ జర్మనీ ఆయన ప్రతి ఒక్కరినీ స్కోప్ అడుగుతున్నాడు. బాబూ, ఇది మీరు చదువుతారని తెలుసు. ముందు ఆయనకు కామెంట్‌లోనే 7 టన్నులని, స్టెరిలైజర్ స్కోప్‌లో లేదని జవాబు పెట్టండి. సర్టిఫికెట్ కాపీ నేను పంపుతాను.